తలకు వేసిన రంగు తువ్వాలుకు అంటితే



తలకు రంగు వేసుకోవడం ఇప్పుడు ఇంటింటా ఉన్నదే. పండగకు ముందు ఆదివారమో, పెళ్ళికి ముందు రోజో ఒక గిన్నెలో పొడి కలుపుకుని, అద్దం ముందు నిలబడి, అరగంటలో ఆ పని ముగించేస్తాం. తలకైతే రంగు పట్టింది, బాగానే ఉంది. అయితే ఆ రంగు తలతో సరిపెట్టుకోదు కదండీ! తుడుచుకున్న తువ్వాలుకు, పడుకున్న దిండుకు, స్నానాలగది గోడకు, కట్టుకున్న చీరకు కూడా తన గుర్తు వేసి వెళ్తుంది.

మంగళగిరి నుంచి ఒక సోదరి సరిగ్గా ఈ సంగతే అడిగారు. ఆవిడ ఒక ఆదివారం తలకు నల్లరంగు వేసుకున్నారు. సాయంత్రానికి చూసుకుంటే తెల్ల తువ్వాలు మీద బూడిదరంగు మచ్చలు పడి ఉన్నాయి. స్నానాలగది టైల్స్ మీద నల్లటి చారలు. కట్టుకున్న పసుపుపచ్చ మంగళగిరి నేత చీరకు భుజం దగ్గర రూపాయి బిళ్ళంత మరక. మర్నాడు పొద్దున లేచేసరికి దిండు గలీబు కూడా నల్లబడింది. ఆవిడ ముందు టైల్స్ మీద యాసిడ్ పోసి తోమారట. మరక కదల్లేదు. యాసిడ్ తడి ఆరకుండానే దానిమీద బ్లీచింగ్ పౌడరు చల్లారు. గదంతా ఒకటే ఘాటు, ఊపిరాడని దగ్గు! తలుపు తీసుకుని బయటికి పరుగెత్తారట. మరక మాట తరవాత, ముందు ఆవిడ క్షేమంగా ఉన్నారు, అంతే చాలు. ఆ ఘాటు ఏమిటో, అది ఎంత ప్రమాదమో టైల్స్ దగ్గరికి వచ్చినప్పుడు వివరంగా చెబుతాను.

ముందు ఈ మరక మామూలు మరకలాంటిది ఎందుకు కాదో తెలుసుకుందాం. కూరమరకో, మట్టిమరకో అయితే గుడ్డమీద పైపైన పట్టుకుని ఉంటుంది. సబ్బు పెట్టి రుద్దితే దిగుతుంది. తలకు వేసుకునే నల్లరంగు అలా కాదు. నేతపని జరిగే ఊళ్ళల్లో నీలిమందు అద్దకం చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నీలిమందు తొట్టిలో ముంచిన నూలు బయటికి తీసేటప్పుడు పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలిన కొద్దిసేపట్లో కళ్ళముందే నీలంగా మారిపోతుంది. నీళ్ళలో కరిగి ఉన్నప్పుడు రంగు నూలు లోపలికి దూరిపోయింది. గాలి తగలగానే కరగని పదార్థంగా మారి లోపలే ఉండిపోయింది. ఇక ఎన్నిసార్లు నీళ్ళల్లో జాడించినా అది బయటికి రాదు.

తలరంగు కూడా దాదాపు అదే దారిలో నడుస్తుంది. మనం వాడే చాలా నల్లరంగుల్లో పారా ఫినైలీన్ డయామిన్ అనే మందు ఉంటుంది. కలిపిన కొత్తల్లో అది నల్లగా ఉండదు, లేతగానే ఉంటుంది. దానితో కలిసే పెరాక్సైడు వల్ల, గాలి వల్ల అది కొద్దికొద్దిగా నల్లబడుతుంది. వెంట్రుకలో జరగవలసిన ఈ పనే తువ్వాలు పోగులో కూడా జరుగుతుంది. అంటే మీ తువ్వాలుకు పడింది మురికి కాదు, అద్దకం. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఎప్పుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో మీకే తోస్తుంది.

గోరింటాకు పొడి సంగతి కొంచెం వేరు. అసలైన గోరింటాకు ఎర్రటి మరక వేస్తుంది. పట్టుకు, ఉన్నికి అది గట్టిగా పట్టుకుంటుంది గానీ నూలుకు అంత గట్టిగా పట్టదు. అయితే బజారులో నల్ల హెన్నా అని అమ్మే పొట్లాలు చాలావాటిలో ఆకుతోపాటు పైన చెప్పిన మందు కూడా కలిసి ఉంటుంది. ఆకు పొడే కదా అని ధీమాగా ఉండకుండా పొట్లం వెనకవైపు చదవండి. నల్లరంగు ఇచ్చేది ఏదైనా సరే, మరక విషయంలో దాన్ని డై కిందే లెక్కవేసుకోవాలి.

ఇప్పుడు మరక పడిన వెంటనే చెయ్యవలసింది చూద్దాం. రంగు గుడ్డమీద పడ్డ మొదటి ఐదు పది నిమిషాలే మన చేతిలో ఉన్న సమయం. అది ఇంకా పూర్తిగా నల్లబడలేదు, నీళ్ళలో కరిగే స్థితిలోనే ఉంది. ముద్దగా పడితే చెంచాతో పైకి ఎత్తెయ్యండి. అదిమి తుడవకండి, తుడిస్తే పక్కకి పాకుతుంది. తరవాత మరకను తిరగేసి, వెనకవైపు నుంచి చన్నీళ్ళు ధారగా పడేలా కుళాయి కింద పట్టండి. ముందువైపు నుంచి పోస్తే రంగు గుడ్డలోకి ఇంకా దిగుతుంది. వెనకనుంచి పోస్తే వచ్చిన దారినే పోతుంది. నీళ్ళు తేటగా వచ్చేవరకూ అలా పట్టి, అప్పుడు గిన్నెలు తోమే ద్రవం సబ్బు నాలుగు చుక్కలు వేసి వేళ్ళతో మెల్లగా నలిపి, మళ్ళీ నీళ్ళు పట్టండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే తాజా మరక చాలావరకు పోతుంది.

ఈ సమయంలో మూడు పనులు మాత్రం చెయ్యకూడదు. వేడినీళ్ళు పొయ్యకూడదు, వేడి తగిలితే రంగు తొందరగా ముదురుతుంది. తర్వాత చూద్దాంలే అని బకెట్‌లో పడేసి ఉంచకూడదు. మూడోది చాలామందికి తెలియనిది. మరకలకు మంచిదని విని మందుల షాపు నుంచి తెచ్చిన హైడ్రోజన్ పెరాక్సైడు తాజా మరక మీద పొయ్యకూడదు. తలరంగును నల్లబరిచే మందే అది. రంగు డబ్బాలో రెండో సీసాలో ఉండేది కూడా అదే. మరక పోవడం మాట అటుంచి, ఉన్న రంగు కాస్తా అక్కడే ముదిరి కూర్చుంటుంది.

ఇక ఆరిపోయి నల్లబడిన మరకలు. ఇక్కడ రంగుకంటే గుడ్డ ముఖ్యం. మన మంగళగిరి సోదరి తువ్వాలు, గలీబు రెండూ తెల్ల నూలువి. తెల్ల నూలు గుడ్డకు మాత్రం క్లోరిన్ బ్లీచ్ వాడవచ్చు. అది రంగును బయటికి లాగదు, రంగు ఉన్నచోటే దాన్ని విరగ్గొట్టి రంగు లేనిదిగా చేస్తుంది. అంచేత అదే గుడ్డకు ఉన్న సొంత రంగును కూడా విరగ్గొడుతుంది. పూలగలీబులకు, రంగుల తువ్వాళ్ళకు ఇది పనికిరాదు. పట్టుకు, ఉన్నికి అసలే తగలనివ్వకూడదు, గుడ్డే పాడైపోతుంది.

చేసే పద్ధతి ఇదీ. ముందు గలీబును మామూలుగా సబ్బుతో ఉతికి, సబ్బు పోయేలా జాడించండి. తలనూనె, చెమట ఉన్న గుడ్డను బ్లీచ్‌లో వేస్తే బ్లీచ్ బలమంతా వాటికే ఖర్చయిపోతుంది. ఒక ప్లాస్టిక్ టబ్బులో 2 లీటర్ల చన్నీళ్ళు తీసుకుని, బజారులో సీసాల్లో దొరికే ద్రవం బ్లీచ్ 4 పెద్ద చెంచాలు, అంటే సుమారు 60 మిల్లీలీటర్లు కలపండి. చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి, కిటికీ తెరిచి ఉంచండి. గలీబును పూర్తిగా ముంచి 10 నిమిషాలు ఉంచి, తీసి చూడండి. నలుపు పోయి లేత గోధుమఛాయ మిగిలితే మరో 5, 10 నిమిషాలు ఉంచవచ్చు. అంతకు మించి వద్దు. తెల్లగా అయ్యేదాకా అని రాత్రంతా నానబెడితే మరక పోయినా పోకపోయినా గుడ్డ చీకిపోతుంది. రెండు ఉతుకులకే వేలు పెడితే చిరుగుతుంది. తీశాక మూడు నాలుగు నీళ్ళల్లో జాడించి, వాసన పూర్తిగా పోయాకే ఆరెయ్యండి.

ద్రవం బదులు ఇంట్లో బ్లీచింగ్ పౌడరే ఉంటే, ఒక టీ చెంచాడు పొడిని లీటరు నీళ్ళలో కలిపి అరగంట కదపకుండా ఉంచండి. పైన తేరిన తేటనీళ్ళు మాత్రమే వేరే టబ్బులోకి వంచుకుని వాడండి. కరగని పొడి పలుకు గుడ్డమీద పడితే అక్కడ చిల్లి పడుతుంది. ఇంకో మాట. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్ళల్లో బ్లీచ్ కలిపితే తెల్లగుడ్డ తుప్పు రంగుకు తిరుగుతుంది. నిలవ ఉంచితే ఎర్రమడ్డి తేరే నీళ్ళు అలాంటివే. ఆ నీళ్ళు కాక మంచినీళ్ళు వాడుకోండి.

ఇక చీర దగ్గరికి వద్దాం. మంగళగిరి నేత అంటే ముదురు రంగులు, సన్నటి జరీ అంచు. బ్లీచ్ చుక్క పడిందంటే మరకతోపాటు పసుపూ పోయి, చీరలో తెల్లమచ్చ తేలుతుంది. నల్లమచ్చ కంటే అదే ఎక్కువ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జరీకి తగిలితే జరీ నల్లబడుతుంది. కాబట్టి చీరకు బ్లీచ్ మాట తలపెట్టవద్దు.

చీర మీద మరక ఆరిపోయి ఉంటే మొదట స్పిరిట్ ప్రయత్నం చెయ్యండి. సూదిమందు వేసేముందు తుడుస్తారే, ఆ సర్జికల్ స్పిరిట్. ముందు దాన్ని మరకమీద కాదు, కట్టుకున్నప్పుడు లోపలికి దోపుకునే చెంగు కొసమీద ఒక చుక్క వేసి, తెల్ల దూదితో అద్దండి. దూదికి పసుపు రంగు అంటిందంటే చీర సొంతరంగు కూడా దిగుతోందన్నమాట. ఇక అక్కడితో ఆపండి. దూది తెల్లగా ఉంటే, మరక కింద నాలుగు మడతలు పెట్టిన తెల్ల పాతగుడ్డ వేసి, పైనుంచి స్పిరిట్ దూదితో అద్దుతూ రండి. రుద్దకండి, అద్దండి చాలు. కిందిగుడ్డకు నలుపు దిగుతున్నంతసేపూ దాన్ని జరుపుతూ, దూది మారుస్తూ ఉండండి. దిగడం ఆగిపోతే ఇక స్పిరిట్ చేసే పని అయిపోయినట్టే. ఇది వంటింట్లో పొయ్యి దగ్గర చెయ్యకండి సుమా, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది.

తరవాత ఆక్సిజన్ బ్లీచ్ పొడి ఉంటుంది. రంగుబట్టలకు కూడా వాడవచ్చని డబ్బామీద రాసి ఉంటుంది, లోపలి మందు సోడియం పెర్‌కార్బొనేట్. దాన్ని కూడా చెంగు కొసమీద పరీక్షించాకే వాడాలి. జరీ అంచు తగలకుండా, మరక ఉన్న భాగం మాత్రమే గోరువెచ్చని నీళ్ళలో కలిపిన పొడిలో ముంచి గంటసేపు ఉంచవచ్చు. నల్లబడటం పూర్తయిపోయిన పాత మరక కాబట్టి ఇక్కడ పెరాక్సైడు భయం లేదు. ఇలా చేస్తే మరక పలచబడుతుంది, చాలాసార్లు పూర్తిగా మాత్రం పోదు. నిజం చెప్పాలంటే ముదిరిన తలరంగు రంగుచీర మీదనుంచి ఆనవాలు లేకుండా పోవడం అరుదు. ఇంకా గట్టి మందులు పట్టుకుని చీర పాడుచేసుకునే బదులు అక్కడితో ఆగడం మంచిది. భుజం మీది మరక కుట్టుపనిలో దాగిపోతుంది. ఆ రంగుకు తగిన దారంతో నాలుగు పువ్వులు కుడితే, కుట్టించుకున్న చీరలాగే ఉంటుంది. మరక ఉండగా మాత్రం ఇస్త్రీ చెయ్యకండి. మిగిలిన కాస్త అవకాశం కూడా ఆ వేడికి పోతుంది.

ఇక టైల్స్. మెరుగు టైల్స్ పైపొర గాజులాంటిది, రంగును లోపలికి పీల్చదు. కాబట్టి మరక పడ్డప్పుడే చెంబెడు నీళ్ళు పోసి సబ్బునీళ్ళతో తుడిస్తే చాలు. ఆరిపోతే దూదిమీద స్పిరిట్ వేసుకుని తుడవండి. అదీ పోకపోతే వంటసోడా తడిపి ముద్దచేసి, మెత్తటి గుడ్డతో రుద్దండి. ఇనప పీచు పెట్టకండి, మెరుగు గీసుకుపోయి ఆ గీతల్లో తరవాత రోజూ మురికి చేరుతుంది.

చిక్కంతా టైల్స్ మధ్య సందుల్లో నింపిన తెల్ల సిమెంటుతోనే. అది రంగును పీల్చుకుంటుంది. దానికి ఇందాక గలీబుకు కలిపినంత పలచన బ్లీచ్ నీళ్ళు పనికివస్తాయి. దూదిని వత్తిలా చేసి ఆ నీళ్ళలో ముంచి, సందు వెంబడి పరిచి 10 నిమిషాలు ఉంచండి. దూది తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి నీళ్ళు జారిపోకుండా బ్లీచ్ తన పని చేస్తుంది. తరవాత పాత పళ్ళబ్రష్‌తో తోమి నీళ్ళు పొయ్యండి. ప్లాస్టిక్ మగ్గుకో, బకెట్‌కో పట్టిన మరక మాత్రం ఆశ వదులుకోవలసిందే. ప్లాస్టిక్ రంగును తనలోకి తీసేసుకుంటుంది.

యాసిడ్ ఎందుకు పనిచెయ్యలేదో ఇప్పుడు చూడండి. యాసిడ్ ఉప్పునీళ్ళ తెల్లపొరను కరిగిస్తుంది, సున్నాన్ని కరిగిస్తుంది. తలరంగును ఏమీ చెయ్యదు. పైగా సందుల్లో ఉన్న సిమెంటును తినేస్తుంది. పాత ఇళ్ళల్లో మొజాయిక్ గచ్చులు, కడప బండలు, బేతంచెర్ల బండలు ఉంటాయి కదా, అవి సున్నపురాయి జాతివి. యాసిడ్ పడితే బుసబుసా పొంగి, మెరుపు పోయి గరుకు తేలతాయి. మరక ఉన్నచోటే ఉంటుంది, బండ పోతుంది.

అంతకంటే పెద్దది ప్రాణం సంగతి. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ద్రవం బ్లీచ్‌తో కలిసినా అంతే. యాసిడే కానక్కరలేదు, బాత్రూం కడిగే మందులు కొన్నిటిలో కూడా యాసిడే ఉంటుంది. నిమ్మరసం, వెనిగర్ కూడా బ్లీచ్‌తో కలవకూడదు. చిన్నగది, మూసిన తలుపు, వంగి తోముతున్న మనిషి. ఈ వాయువు గాలికంటే బరువు కాబట్టి కిందనే, సరిగ్గా మన ముఖం ఉన్న ఎత్తులోనే పేరుకుంటుంది. కళ్ళు మండి, గొంతు పట్టేసి, దగ్గు వచ్చిందంటే నీళ్ళు పోద్దామని గదిలో ఆగకండి. తలుపు తెరిచి వెంటనే గాలిలోకి వచ్చెయ్యండి. ఘాటు పూర్తిగా పోయేవరకూ ఎవరినీ లోపలికి వెళ్ళనివ్వకండి. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా మంచినీళ్ళతో కడగాలి. ఆయాసంగానీ, ఛాతీలో బిగుతుగానీ ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అప్పటికి తగ్గినట్టే ఉండి కొన్ని గంటల తరవాత ఆయాసం వచ్చేవాళ్ళూ ఉంటారు. అంచేత ఆ రోజంతా కనిపెట్టి ఉండాలి. గదికి ఒకరోజు యాసిడ్ వాడితే ఆ రోజు బ్లీచ్ ముట్టుకోవద్దు. మధ్యలో నీళ్ళతో బాగా కడగడం, ఒక పూట గడవనివ్వడం తప్పనిసరి.

ఇంత తంటా రాకుండా ఉండాలంటే రంగు వేసుకునే రోజు చెయ్యవలసిన పనులు కొన్నే ఉన్నాయి. ముదురురంగు పాత తువ్వాలు ఒకటి, పాత నైటీ ఒకటి ఈ పనికే కేటాయించుకోండి. చీరతో ఈ పని పెట్టుకోవద్దు. గిన్నె పెట్టుకునే చోట పాత వార్తాపత్రికలు పరవండి. తల కడుక్కునే ముందు స్నానాలగది గోడలు, నేల నీళ్ళతో తడపండి. తడిగా ఉన్న సిమెంటు అప్పటికే నీళ్ళు పీల్చుకుని ఉంటుంది కాబట్టి రంగునీళ్ళను అంతగా పీల్చదు. కడుక్కోవడం అయ్యాక గోడమీద మరోసారి నీళ్ళు కొట్టి బయటికి రండి.

దిండుకు అంటేది ఎందుకంటే, తల సరిగ్గా కడగకపోవడం వల్ల. వెంట్రుక లోపలికి పోని రంగు పైపైన మిగిలిపోతుంది. మన కృష్ణాతీరపు ఉక్కలో రాత్రి చెమట పడితే అది కరిగి గలీబులోకి దిగుతుంది. తల కడుక్కున్నాక నీళ్ళు తేటగా వస్తున్నాయి కదా అని వదిలెయ్యకండి. ఒక తెల్ల పాత చేతిరుమాలు తడిపి, మెడ వెనక జుట్టు మీద, చెవుల పక్కన గట్టిగా అదిమి చూడండి. రుమాలుకు రంగు అంటితే ఇంకా కడగాలి. తెల్లగా ఉంటే మీ దిండు కూడా తెల్లగానే ఉంటుంది. తల పూర్తిగా ఆరాకే పడుకోండి. మొదటి రెండు మూడు రాత్రులు మాత్రం దిండు మీద ముదురురంగు పాతగుడ్డ వేసుకోండి. ఆ రాత్రుళ్ళు తలకు నూనె పెట్టకుండా ఉంటే ఇంకా మంచిది.

చివరగా ఒక జాగ్రత్త. ఈ రంగు పొట్లాలు, సీసాలు స్నానాలగది గూట్లో పిల్లలకు అందేలా ఉంచవద్దు. కడుపులోకి పోతే ఇది గొంతు వాచి ఊపిరాడకుండా చేసే విషం. వాడగా మిగిలిన కలిపిన రంగు దాచవద్దు. ఎలాగూ అది మర్నాటికి పనికిరాదు. నీళ్ళు పోసి పారబోసి, గిన్నె అప్పుడే కడిగెయ్యండి. గిన్నెకు పట్టినది కూడా ఆరాక అద్దకమే అవుతుంది మరి.

మంగళగిరి సోదరికి నా జవాబు ఇదీ. మీ గలీబు, తువ్వాలు తెల్లబడతాయి. టైల్స్ శుభ్రపడతాయి, అయితే యాసిడ్ సీసా అటు పక్కన పెట్టెయ్యండి. చీరకు మాత్రం స్పిరిట్‌తో దిగినంత దించి, ఆ పైన సూదీదారం పట్టుకోండి.

సెలవు.